కార్నర్లు, కార్డుల మార్కెట్లలో జట్టు శైలికి ఎంత విలువ, రిఫరీకి ఎంత?

ప్రశ్న: "ఫుట్‌బాల్ బెట్టింగ్‌లో గెలుపోటముల మీద కాకుండా కార్నర్లు, కార్డుల మార్కెట్లు చూడటం ఈమధ్యే మొదలుపెట్టాను. ఒకరు జట్టు ఆడే తీరే ముఖ్యం అంటారు, ఇంకొకరు రిఫరీ సగటు చూస్తే చాలు అంటారు. నిజంగా దేనికి ఎంత వెయిట్ ఇవ్వాలి? రిఫరీ పేరు ప్రకటించగానే ఓవర్ తీసుకోవచ్చా?"

ముందు సూటిగా చెప్పేస్తాను. కార్నర్లలో రిఫరీకి దాదాపు సున్నా వెయిట్ ఇవ్వండి. అక్కడ చూడాల్సింది రెండే: దాడి ఎక్కడ ముగుస్తుంది, స్కోరు ఎటు పోయే అవకాశం ఉంది. కార్డుల్లో రిఫరీ ప్రభావం నిజమే, కానీ రిఫరీల సగటుల పట్టికలో కనిపించే తేడాలో సగమో అంతకంటే తక్కువో మాత్రమే నమ్మదగినది. మిగతాది అతనికి ఇచ్చిన మ్యాచులు, అదృష్టం కలిసి తయారుచేసిన అంకె. పేరు ప్రకటించగానే ఓవర్ తీసుకోవడం గురించి చివర్లో చెబుతాను, ఎందుకంటే దానికి ముందు ఒక లెక్క చూడాలి.

నేను చాలా సీజన్లుగా మ్యాచులకు ముందు నా అంచనా రాసుకుని, తర్వాత జరిగినదాంతో పోల్చి చూసుకుంటున్నాను. కింద రాసేది ఆ అలవాటు నేర్పినదే.

కార్నర్లతో మొదలుపెడదాం. కార్నర్ ఎలా పుడుతుందో ఒక్కసారి కళ్ల ముందు ఊహించుకోండి. వింగర్ బంతితో గీత దాకా వెళ్తాడు, క్రాస్ కొట్టబోతాడు, ఫుల్‌బ్యాక్ కాలు అడ్డం పెడతాడు, బంతి అతని పిక్కకు తగిలి గీత దాటుతుంది. లేదా పెనాల్టీ పెట్టె బయటి నుంచి కొట్టిన షాట్ డిఫెండర్‌కు తగిలి పక్కకు పోతుంది. లేదా గోల్‌కీపర్ వేళ్లతో బంతిని బార్ మీదుగా నెడతాడు. ఎక్కువ కార్నర్లు ఈ మూడు దారుల్లోనే వస్తాయి. అంటే బంతి ఎంతసేపు కాళ్ల దగ్గర ఉందన్నది అసలు విషయం కాదు. ఆ దాడి రక్షకుడి శరీరానికి తగిలే చోట ముగుస్తుందా లేదా అన్నదే విషయం.

అందుకే బంతి అరవై శాతం తమ దగ్గరే ఉంచుకునే రెండు జట్లకు కార్నర్లు చాలా వేరుగా రావచ్చు. ఒక జట్టు పక్కల నుంచి వెళ్లి, గీత దగ్గర ఎదురు పడి, క్రాస్ మీద క్రాస్ వేస్తుంది. ఇంకో జట్టు మధ్యలోంచి చిన్న పాసులతో పోయి, దారి లేకపోతే వెనక్కి తిరిగి మళ్లీ మొదలుపెడుతుంది. మొదటి జట్టుకు కార్నర్లు పోగుపడతాయి. రెండో జట్టుకు బంతి ఉంటుంది కానీ కార్నర్లు ఉండవు. కాబట్టి పొసెషన్ అంకె పక్కన పెట్టి, అడ్డుపడిన షాట్లు, పక్కల నుంచి వేసే క్రాసుల సంఖ్య చూడండి. ఎదుటి జట్టు కూడా అంతే ముఖ్యం. పెట్టెలో పదిమందిని నిలబెట్టి కాచుకునే జట్టు బంతిని ఎటు వీలైతే అటు తన్నేస్తుంది, కార్నర్ ఇవ్వడానికి వెనకాడదు. ముందుకొచ్చి ప్రెస్ చేసే జట్టు ఓడిపోయినా సరే కార్నర్లు తక్కువే ఇస్తుంది, ఎందుకంటే వాళ్ల మీద దాడులు పొడుగ్గా, త్వరగా సాగి, గోల్ గానో ఆఫ్‌సైడ్ గానో ముగుస్తాయి.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటి ఉంది. జట్టు శైలి కార్నర్లు ఎవరికి వస్తాయో బాగా చెబుతుంది, మొత్తం ఎన్ని వస్తాయో అంత బాగా చెప్పదు. ఇంగ్లిష్ ప్రీమియర్ లీగ్‌లో మ్యాచ్‌కు మొత్తం కార్నర్లు సుమారు పది, పదిన్నర దగ్గర తిరుగుతుంటాయి. ఒక జట్టు మ్యాచ్ అంతా ఎదుటి సగంలోనే ఆడిందనుకోండి, దానికి ఎనిమిది కార్నర్లు వస్తాయి. కానీ అదే కారణం వల్ల ఎదుటి జట్టు ఆ సగం దాటి రాలేదు, దానికి రెండే వస్తాయి. మొత్తం మళ్లీ పదే! బంతి ఒక చివర ఉంటే రెండో చివర ఉండదు కాబట్టి రెండు జట్ల కార్నర్లు ఒకదాన్నొకటి కొంత తగ్గించుకుంటాయి. అందుకే శైలి గురించి మీకు ఎంత తెలిసినా, 10.5 కంటే ఎక్కువా తక్కువా అనే మొత్తం లైన్ మీద అది పెద్దగా పనిచేయదు. ఆ తెలివి పనికొచ్చేది ఒక జట్టు సొంత కార్నర్ల లైన్ దగ్గర, లేదా ఎవరికి ఎక్కువ వస్తాయి అనే చోట.

ఇక స్కోరు. వెనకబడిన జట్టు కార్నర్లు తెచ్చుకుంటుంది, ముందున్న జట్టు ఆపేస్తుంది. ఇది నేను చూసిన అన్ని లీగుల్లోనూ కనిపించేదే. దీనివల్ల బలమైన జట్టు విషయంలో ఒక చిక్కు వస్తుంది. ఉదాహరణకు ఒక బలమైన జట్టు సొంత మైదానంలో ఆడుతోంది, దాని కార్నర్ల సగటు ఏడు. ఈ ఏడు ఎక్కడి నుంచి వచ్చింది? పదో నిమిషంలో గోల్ కొట్టి తీరిగ్గా ఆడిన రోజుల్లో ఐదు, అరవయ్యో నిమిషం దాకా గోల్ రాక తలుపు బాదినట్టు బాదిన రోజుల్లో తొమ్మిది. సగటు ఏడు అనేది ఈ రెండు రకాల రోజుల కలబోత. కాబట్టి ఎదుటి జట్టు మరీ బలహీనమైతే కార్నర్లు పెరుగుతాయని అనుకోకండి. మరీ బలహీనమైతే గోల్ తొందరగా పడుతుంది. గోల్ పడనివ్వకుండా గంటసేపు నిలబడగలిగే, కానీ బంతి బయటికి తేలేని జట్టే కార్నర్లకు సరైన ప్రత్యర్థి. నేను ఈ తేడా పట్టుకోవడానికి ఆ జట్టు మొదటి గోల్ ఎన్నో నిమిషంలో ఇస్తోందో రాసుకుంటాను. మొత్తం ఎన్ని గోల్స్ ఇచ్చిందన్నది ఈ పనికి అంతగా ఉపయోగపడదు.

కార్నర్లకు రిఫరీ వల్ల వచ్చే తేడా అదనపు సమయంలోనే ఉంటుంది. 2022 ప్రపంచ కప్ నుంచి పోయిన సమయాన్ని కచ్చితంగా కలపమని చెప్పడం మొదలైంది, 2023-24లో ప్రీమియర్ లీగ్‌లోనూ అదే వచ్చింది. చివరి నిమిషాల్లో కార్నర్లు ఎక్కువగా వస్తాయి కాబట్టి ఆ అదనపు నిమిషాలకు కొంత విలువ ఉంది. కానీ అది సీజన్ మొత్తానికి, లీగ్ మొత్తానికి వచ్చే మార్పు, ఒక రిఫరీ పేరుతో ముడిపడినది కాదు. 2025-26 నుంచి ఇంకో నియమం వచ్చింది: గోల్‌కీపర్ బంతిని ఎనిమిది సెకన్లకు మించి చేతుల్లో పట్టుకుంటే ఎదుటి జట్టుకు కార్నర్. దీన్ని చూసి లైన్ మార్చుకోవాల్సిన పని లేదు, కీపర్లు వెంటనే అలవాటు పడిపోతారు.

కార్డుల కథ వేరు. ఇక్కడ తీర్పు ఒక మనిషి చేతిలో ఉంది, కాబట్టి అతని స్వభావం లెక్కలోకి రావాలి. ఎంత అన్నదే ప్రశ్న.

ఒక ఊహాత్మక మ్యాచ్ తీసుకుందాం, అంకెలు నేను పెట్టినవే. లీగ్ సగటు మ్యాచ్‌కు 4.0 కార్డులు. ఈ రెండు జట్ల తీరు చూస్తే 4.3 వస్తాయని మీ అంచనా. రిఫరీ ఈ సీజన్‌లో 12 మ్యాచులు నడిపాడు, అతని సగటు 5.2. లైన్ 4.5, ఓవర్‌కు 1.80, అండర్‌కు 2.00.

కొత్తవాళ్లు ఏం చేస్తారంటే, 5.2ని 4.0తో భాగించి, ఆ 1.3తో 4.3ని హెచ్చిస్తారు. దాదాపు 5.6 వస్తుంది. సగటు నుంచి అవకాశాలు లెక్కగట్టే పాయిసాన్ పద్ధతి ప్రకారం 5.6 సగటు ఉన్న మ్యాచ్‌లో ఐదు లేదా అంతకు మించి కార్డులు రావడానికి 65 శాతం పైనే అవకాశం. 1.80 ధరకు నష్టం రాకుండా ఉండాలంటే కావాల్సింది 1ని 1.80తో భాగిస్తే వచ్చే 55.6 శాతమే. ఇంకేముంది, బంగారం దొరికినట్టే అనిపిస్తుంది.

ఇప్పుడు రెండు దిద్దుబాట్లు చేద్దాం. మొదటిది, అతనికి ఏ మ్యాచులు ఇచ్చారు? అనుభవమున్న రిఫరీలనే ఎక్కువగా డెర్బీలకు, పైస్థానాల పోరుకు, దిగజారే ప్రమాదంలో ఉన్న జట్ల మ్యాచులకు పంపుతారు. ఆ మ్యాచుల్లో విజిల్ ఎవరు ఊదినా కార్డులు ఎక్కువే. కాబట్టి అతను నడిపిన ప్రతి మ్యాచ్‌కూ ఆ రెండు జట్ల సగటు నుంచి రావాల్సిన అంకె ఎంతో వేసుకోవాలి. మన ఉదాహరణలో ఆ 12 మ్యాచులకు రావాల్సింది 4.4 అనుకుందాం. అంటే రిఫరీ వల్ల వచ్చిన మిగులు 1.2 కాదు, 0.8 మాత్రమే.

రెండోది, 12 మ్యాచులు చాలా తక్కువ. ఒక్క మ్యాచ్‌లో కార్డుల సంఖ్య సగటు నుంచి సులువుగా రెండు అటూ ఇటూ ఊగుతుంది. 12 మ్యాచుల సగటులో కూడా 0.6 దాకా ఊగు ఊరికే అదృష్టం వల్ల వస్తుంది. రిఫరీల మధ్య నిజమైన తేడా దీనికంటే చిన్నది. అందుకే మిగులుని కుదించాలి. నేను వాడే పద్ధతి తేలిక: మ్యాచుల సంఖ్యను, ఆ సంఖ్యకు 28 కలిపి వచ్చిన దాంతో భాగిస్తాను. 12ని 40తో భాగిస్తే 0.3. అంటే 0.8లో మూడు పదోవంతులే, 0.24, నమ్మాలి. 28 అనేది నా రికార్డులకు సరిపోయిన అంకె, మీ లీగ్‌లో 20 కావచ్చు, 35 కావచ్చు. కానీ సున్నా మాత్రం కాదు. వంద మ్యాచులు ఉన్న రిఫరీ అయితే ఇదే పద్ధతిలో దాదాపు 0.78 నమ్మొచ్చు. కాకపోతే పాత సీజన్లు కలిపేటప్పుడు ప్రతి సీజన్‌నూ ఆ సీజన్ లీగ్ సగటుతోనే పోల్చాలి. ప్రీమియర్ లీగ్‌లో 2023-24లో వాదనలకు, సమయం వృథా చేయడానికి కార్డులు చూపమని గట్టిగా చెప్పారు, అందరి అంకెలూ ఒక్కసారి పెరిగాయి. ఆ పెరుగుదలను ఒక రిఫరీ స్వభావం అనుకుంటే తప్పుదారి పట్టినట్టే.

ఇప్పుడు లెక్క ముగిద్దాం. 4.0కి 0.24 కలిపితే 4.24, అంటే సగటు కంటే ఆరు శాతం ఎక్కువ. 4.3ని అంత పెంచితే 4.56. ఈ సగటుతో ఐదు లేదా అంతకు మించి కార్డులు వచ్చే అవకాశం సుమారు 48 శాతం. సరైన ధర 2.08 దగ్గర ఉండాలి, బుక్‌మేకర్లు ఇస్తున్నది 1.80. బంగారం అనుకున్నది పూర్తిగా నష్టపు బేరం. అలాగని అండర్ తీసుకోవాలా? అండర్‌కు మన అంచనా 52 శాతం, 2.00కి కావాల్సింది 50. ఈ రెండు శాతం తేడా నా అంచనాలోని పొరపాటు కంటే చిన్నది. నేనైతే ఈ మ్యాచ్ వదిలేస్తాను. రెండు ధరల్లోని అవకాశాలు కలిపితే 105.6 వస్తోంది చూశారా, ఆ పైన ఉన్న 5.6 వాళ్ల మార్జిన్. కార్డులు, కార్నర్ల మార్కెట్లలో ఈ మార్జిన్ గెలుపోటముల మార్కెట్ కంటే సాధారణంగా ఎక్కువే ఉంటుంది. దాన్ని దాటేంత తేడా వారాల తరబడి దొరక్కపోవడం మామూలే.

ఇక జట్ల వైపు 4.3 ఎలా వచ్చింది? ఫౌల్స్ సంఖ్య చూసి వేస్తే తప్పు వస్తుంది. ఎన్ని ఫౌల్స్ అన్నదానికంటే ఎక్కడ, ఎందుకు అన్నది ముఖ్యం. ఎదుటి పెట్టె దగ్గర ప్రెస్ చేస్తూ చేసే ఫౌల్‌కు కార్డు అరుదు. మధ్య గీత దాటి వేగంగా వస్తున్న ఎదురుదాడిని చొక్కా పట్టి ఆపితే, అది ఆశాజనకమైన దాడిని ఆపడం, ఎల్లో కార్డు దాదాపు ఖాయం. అందుకే బంతి ఎక్కువగా తమ దగ్గరే ఉంచుకునే కొన్ని జట్లకు ఫౌల్స్ తక్కువ, కానీ ఫౌల్‌కు కార్డులు ఎక్కువ. ముందుకు వెళ్లి ఆడతారు, బంతి పోగానే వెనక అంతా ఖాళీ, ఎవరో ఒకరు పట్టి ఆపాల్సిందే. వాళ్లకు ఎదురుగా వేగమైన వింగర్లతో ఎదురుదాడి చేసే జట్టు వస్తే ఆ కార్డుల అంచనా పెంచుతాను. నేను చూసినంతలో జట్టు శైలి నుంచి కార్డులకు వచ్చే సమాచారంలో నిలకడగా పనికొచ్చింది ఇదే. ఇద్దరు ఆటగాళ్ల పేర్లు కూడా పక్కపక్కన పెట్టి చూడండి: డ్రిబుల్ చేసే వింగర్ ముందు నెమ్మదైన ఫుల్‌బ్యాక్ ఉంటే, ఆ పక్కన ఒక కార్డు పొంచి ఉన్నట్టే.

స్కోరు ఇక్కడా రాజ్యం చేస్తుంది, కానీ కార్నర్ల లాగా కాదు. స్కోరు దగ్గర దగ్గరగా ఉంటే కార్డులు పెరుగుతాయి, తేడా పెరిగితే ఎండిపోతాయి. ఒకసారి నేను ఒక డెర్బీకి ఓవర్ తీసుకున్నాను. గట్టి రిఫరీ, ఒకరంటే ఒకరికి పడని జట్లు, అన్నీ కుదిరాయనుకున్నాను. ఇరవై నిమిషాలకే బలమైన జట్టు రెండు గోల్స్ కొట్టింది. ఆ తర్వాత ఓడుతున్న జట్టులో పోట్లాడే ఉత్సాహమే చచ్చిపోయింది, గెలుస్తున్న జట్టుకు ఫౌల్ చేయాల్సిన అవసరమే రాలేదు. మ్యాచ్ మొత్తానికి రెండే కార్డులు. అప్పటి నుంచి గెలుపు ధరలు చూడకుండా కార్డుల అంచనా వేయను. ఒక జట్టు మరీ ఫేవరెట్ అయితే, డెర్బీ అయినా సరే, అంచనా తగ్గిస్తాను.

2022 ప్రపంచ కప్‌లో నెదర్లాండ్స్, అర్జెంటీనా క్వార్టర్‌ఫైనల్ గురించి చాలామంది రిఫరీ ప్రభావానికి రుజువుగా చెబుతారు. ఆ మ్యాచ్ రిఫరీ మాతేయు లాహోస్ ఆ రోజు కార్డుల వర్షం కురిపించిన మాట నిజమే, స్పెయిన్‌లోనూ ఆయనకు ఆ పేరుండేది. కానీ ఆ మ్యాచ్ సాగిన తీరు చూడండి. 2-0 వెనకబడిన డచ్ జట్టు చివర్లో ఒక గోల్ తిరిగి కొట్టింది, 89వ నిమిషంలో పరేడెస్ బంతిని డచ్ బెంచీ వైపు తన్నాడు, ఆటగాళ్లంతా మీద పడ్డారు, అదనపు సమయం ఆఖర్లో స్కోరు సమమైంది, ఎక్స్‌ట్రా టైమ్, పెనాల్టీలు. టెన్షన్ అంతలా పెరిగిన మ్యాచ్‌లో శాంత స్వభావం ఉన్న రిఫరీ కూడా జేబులోంచి చాలాసార్లు కార్డు తీయాల్సి వచ్చేది.

అదే మ్యాచ్ ఇంకో పాఠం కూడా చెబుతుంది. ఆ కార్డుల్లో కొన్ని బెంచీ మీది కోచింగ్ సిబ్బందికి, కొన్ని 90 నిమిషాలు దాటాక, పెనాల్టీల సమయంలో చూపినవి. చాలా చోట్ల కార్డుల మార్కెట్ 90 నిమిషాలు, దానికి కలిపిన అదనపు సమయం వరకే లెక్క. కోచ్‌లకు చూపినవి, ఆఖరి విజిల్ తర్వాత చూపినవి చేరవు. ఎల్లోకు 10, రెడ్‌కు 25 పాయింట్ల లెక్క వాడే చోట, రెండో ఎల్లోను విడిగా లెక్కపెట్టరు, కాబట్టి ఒక ఆటగాడికి గరిష్ఠంగా 35. కార్నర్లలో కూడా ఇచ్చినా కొట్టని కార్నర్ చాలా చోట్ల లెక్కలోకి రాదు. ఒక మ్యాచ్‌లో కోచ్‌కు చూపిన కార్డును కలిపి నేను గెలిచాననుకున్నాను, వాళ్లు ఓడినట్టు లెక్కగట్టారు, నియమం చదివితే వాళ్లదే సరి. మీరు వాడే చోట నియమాల పేజీ ముందే చదవండి, ఎందుకంటే మీ పాత రికార్డులు కూడా అదే లెక్కలో ఉంటేనే పోల్చడానికి పనికొస్తాయి.

రిఫరీ వైపు ఇంకొక్కటి: అతిథి జట్టుకు కొంచెం ఎక్కువ కార్డులు పడతాయి, అందులో ప్రేక్షకుల ఒత్తిడి పాత్ర ఉంది. 2020లో ఖాళీ స్టేడియాల్లో ఆడినప్పుడు ఆ తేడా బాగా తగ్గిపోయింది. కాబట్టి జట్టు వారీగా కార్డుల లైన్ చూసేటప్పుడు మైదానం ఎవరిదో, స్టాండ్స్ నిండుతాయా లేదా చూడండి. ఇది మొత్తం లైన్‌ను పెద్దగా కదపదు.

వెయిట్ ఇవ్వనివి కూడా చెప్పాలి. ఈ రెండు జట్ల మధ్య గత ఐదు మ్యాచుల కార్డులు, కార్నర్లు నేను చూడను. కోచ్‌లు మారి ఉంటారు, ఆటగాళ్లు మారి ఉంటారు, ఐదు మ్యాచులతో ఏదీ తేలదు. రిఫరీ రెడ్ కార్డుల సగటు కూడా అంతే. రెడ్‌లు అరుదు కాబట్టి ఒక సీజన్‌లో ఒకరికి రెండు, ఇంకొకరికి ఆరు వచ్చినా దానిలో స్వభావం ఎంతో విడదీయలేం. "ఈ రిఫరీ ఈ జట్టుకు ఎప్పుడూ కార్డులు చూపిస్తాడు" అనేది మూడు నాలుగు మ్యాచుల మీద కట్టిన కథ.

ఇక మీ చివరి ప్రశ్న. రిఫరీ పేరు ప్రకటించగానే ఓవర్ తీసుకోవచ్చా? గట్టివాడని అందరికీ తెలిసిన పేరైతే వద్దు. ఆ పేరు వచ్చిన కొద్దిసేపటికే ధర కదులుతుంది, చాలాసార్లు ఉండాల్సిన దానికంటే ఎక్కువే కదులుతుంది. అప్పుడు పైన చెప్పిన కుదింపు లెక్క వేస్తే ఓవర్‌లో ఏమీ మిగలదు, ఒక్కోసారి అండరే చూడదగ్గదవుతుంది. నాకు ఆసక్తి కలిగించే పేర్లు వేరే ఉంటాయి: వందకు పైగా మ్యాచులు నడిపి, పట్టికలో మధ్యలో కనిపిస్తూ, కానీ అతనికి ఎప్పుడూ మెత్తని మ్యాచులే ఇస్తూ వచ్చిన రిఫరీ. మ్యాచుల తీరును బట్టి దిద్దితే అతను సగటు కంటే గట్టివాడని తేలుతుంది. అలాంటివాడికి మొదటిసారి ఒక వేడి మ్యాచ్ ఇచ్చారంటే, ముందు ఆ రెండు జట్లలో ఎవరైనా మరీ ఫేవరెట్‌గా ఉన్నారా చూస్తాను, ఎవరూ లేకపోతేనే లైన్, ధర చూస్తాను.